సుత్తి లెక్కా, గుండె లెక్కా?

ఆళ్లగడ్డలో మా మామ శిల్పి. గుండెకు స్టెంటు వేయించుకున్నాక, నాడి 120 దాటితే పని ఆపమన్నాడు డాక్టరు. కొడుకు స్మార్ట్ వాచీ కొనిచ్చాడు. ఉలి పట్టిన మొదటి రోజే అది 148 చూపింది. భయపడి రెండు రోజులు రాయి ముట్టలేదు.

ఆ ఆదివారం నంద్యాల నుంచి వెళ్లి పక్కన కూర్చున్నాను. మామ చెక్కుతుంటే 15 సెకన్లు సుత్తి దెబ్బలు లెక్కపెట్టాను. 37. నాలుగుతో గుణిస్తే 148. వెంటనే ఆపమని మెడ పక్కన వేలు పెట్టి చూశాను. 15 సెకన్లకు 23, అంటే నిమిషానికి 92.

"నా గుండె అంత బిరాన కొట్టుకోలేదు అల్లుడా, నాకు తెలుస్తాంది గదా" అన్నాడు మామ.

వాచీ అడుగున వెలిగే పచ్చ దీపం చర్మంలోకి కాంతి పంపుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడ రక్తం కాస్త పెరిగి, తిరిగొచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. వాచీ ఆ హెచ్చుతగ్గులను లెక్కపెడుతుంది. ఉలి పట్టిన ఎడమ చేతికి బెల్టు వదులుగా ఉంటే, ప్రతి దెబ్బకూ వాచీ అదిరి కాంతి ఇంకా ఎక్కువగా మారుతుంది. క్రమం తప్పని ఆ అదురునే అది నాడి అనుకుంటుంది. నడకలో అడుగుల లెక్క నాడిగా కనిపించేదీ ఇలాగే. గుర్తుపట్టడానికి ఒక దారుంది: పని ఆపిన క్షణంలోనే అంకె సగానికి పడిపోతే అది గుండెది కాదు. గుండె నెమ్మదిగా దిగుతుంది.

మామది బాగా నల్లని ఒళ్లు. చర్మంలోని మెలనిన్ పచ్చ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి తిరిగొచ్చే గుర్తు బలహీనపడుతుంది. కదలకుండా కూర్చుంటే అదీ చాలవచ్చు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో 53 మందిపై చేసిన పరీక్షలో చర్మం రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కదలికలో మాత్రం తప్పు పెరిగింది. అందుకే నేను ముందు చూసింది బెల్టునే. మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైకి జరిపి, చర్మానికి ఆనేలా బిగించాను. అక్కడ వెంట్రుకలు ఒత్తుగా ఉండి వాచీని పైకి లేపుతున్నాయి, సందులోంచి ఎండ దూరుతోంది. ఆ మేరకు గొరిగించాను. కూర్చున్నప్పుడు 90 దగ్గర నిలిచింది. సుత్తి ఎత్తితే మళ్లీ గంతులే.

అవ్వ కూడా ముచ్చటపడి వాచీ కట్టుకుంది. ఆమె మణికట్టు నిండా పచ్చబొట్టు. అంకెకు బదులు గీతలే వచ్చాయి. ముదురు సిరా కాంతిని మింగేస్తుంది. బిగించినా లాభం లేదు. పచ్చబొట్టు లేని రెండో చేతికి మార్చగానే 76 వచ్చింది.

పని మధ్యలో కూడా నాడి తెలియాలంటే మామకు ఛాతీ పట్టీ నయం. అది కాంతితో కాదు, గుండె విద్యుత్తుతో లెక్కపెడుతుంది. పట్టీ వచ్చేదాకా ఆయన పావుగంటకోసారి సుత్తి పక్కన పెట్టి, మెడ మీద వేలుంచి, సుద్దముక్కతో రాతి మీదే అంకె రాసుకుంటున్నాడు.