తెర మీద వేలు, రోడ్డు మీద కన్ను

గుండ్రటి మీటల మీద నా గోల ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఫ్యాన్ రెగ్యులేటర్ మీద ఒకటి, మిక్సీ మీద ఒకటి రాశాను. చీకట్లో కూడా చెయ్యి వెతుక్కోగలిగిందే మంచి మీట అని నా సిద్ధాంతం. దాన్ని మళ్లీ రుజువు చేసేద్దామని గత ఆదివారం మా మనవరాలి కొత్త కారు తాళం అడిగి తీసుకున్నాను. తాళం అంటే తాళం కాదు, జేబులో పెట్టుకునే నల్ల బిళ్ల.

విజయవాడ నుంచి మచిలీపట్నం వైపు బయల్దేరాం. డాష్‌బోర్డు మధ్యలో పలకంత తెర. ఏసీ తగ్గిద్దామని పొడిచాను, కదల్లేదు. ఇంకోసారి పొడిచాను. "గోరుతో కాదు తాతయ్యా, వేలి మెత్తటి భాగంతో తాకు" అంది. ఆ తెర ఒత్తిడిని చూడదట, చర్మం తాకితే తన విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగడుతుందట. అందుకే గోరుకి పలకదు, నా వేళ్లలా ఎండిపోయి పగిలినవాటికి కూడా ఒక్కోసారి పలకదు. నా ముసలితనాన్ని ఇంత శాస్త్రీయంగా ఎవరూ ఎత్తిచూపలేదు.

కంకిపాడు దాటాక వాన అందుకుంది. వైపర్లు స్టీరింగ్ పక్కనున్న కాడలోనే ఉన్నాయి, చెయ్యి దానంతటదే వెళ్లింది. అంతలో ముందు అద్దం మసకబారింది. వేలితో లోపల రాసి చూస్తే చార పడింది. అంటే ఆవిరి లోపలిదే. వానకి అద్దం చల్లబడుతుంది, మన ఊపిరిలోని తేమ దాని మీద పేరుకుంటుంది. బయటిదైతే వైపర్ తుడిచేస్తుంది. లోపలిదానికి ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి తిప్పి, లోగాలే తిరిగే మీటను ఆపి బయటి గాలిని రానివ్వాలి. ఇదంతా నాకు తెలుసు. ఆ కారులో అది ఎక్కడుందో మాత్రం తెలీదు. తెర మీద ఒక పేజీ, దాని లోపల ఇంకో పేజీ. వెతుకుతూ మూడు సెకన్లు తల దించానేమో. గంటకు యాభై కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే నలభై మీటర్ల పైమాటే. అంత దూరం గుడ్డిగా నడిపానన్నమాట.

"మాటతో చెప్పు" అంది. స్టీరింగ్ మీది బొత్తం నొక్కి, వెంటనే "అద్దం ఆవిరి పోగొట్టు" అన్నాను. ఏమీ జరగలేదు. రెండు తప్పులు. బొత్తం నొక్కాక చిన్న మోత వస్తుంది, అది వచ్చాకే మాట్లాడాలి. ముందే మాట్లాడితే మొదటి మాటలు కారుకి అందవు. రెండోది, ఆ కారు ఇంగ్లిషు మీద పెట్టి ఉంది. పైగా నేను అద్దం కాస్త దించి ఉంచాను, వాన హోరు అంతా మైకులో పడింది. "పక్కకు ఆపు" అంది ఈసారి గట్టిగా.

ఆపాను. అప్పుడు గుర్తొచ్చాడు మా మేస్త్రీ. 1974లో మా మామయ్య అంబాసిడర్ మీద నాకు డ్రైవింగు నేర్పిన మనిషి. బండి పెరట్లోంచి కదిలే ముందు మూడు రోజులు నా కళ్లకి కండువా కట్టి కూర్చోబెట్టాడు. చోక్ లాగు, లైటు వెయ్యి, వైపర్ తిప్పు అనేవాడు. తప్పు మీట పట్టుకుంటే మోచేతి మీద ఒక్కటిచ్చేవాడు. నాలుగో రోజుకి చేతులే చూడ్డం మొదలుపెట్టాయి. ఆ కండువా కథతోనే ఈ వారం కాలమ్ ముగించి, తెరలన్నీ పీకెయ్యండని రాసేవాణ్ణే. అండగా ఒక కబురు కూడా ఉంది. ఐరోపాలో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర పిలుపు, ఈ ఐదింటికీ విడి మీటలు లేకపోతే మార్కులు కోస్తోంది.

కానీ నన్ను ఇరికించిన అద్దం ఆవిరి ఆ ఐదింట్లో లేదు. మా మేస్త్రీ నేర్పింది కూడా గుండ్రటి మీట గొప్పదని కాదు, బండి కదిలే ముందే అన్నీ తెలిసి ఉండాలని. నేను బిళ్ల అందుకోగానే బయల్దేరాను.

వాన తగ్గేదాకా ఆ రోడ్డు పక్కనే మనవరాలు నాకు పాఠం చెప్పింది. ఏసీ పేజీలో ఆవిరి గుర్తు ఎక్కడుందో పదిసార్లు తాకించింది. మోత విన్నాక కారు అర్థం చేసుకునే రెండు ఇంగ్లిషు మాటలే, అద్దం మూసి, పలికించింది. ఏడోసారికి గాలి అద్దం మీదికి మళ్లింది.

తిరుగు ప్రయాణంలో తనే నడిపింది. బయల్దేరే ముందు రెండు నిమిషాలు తెరతో గడిపి, దారి, చల్లదనం, పాటలు అన్నీ పెట్టుకుంది. తర్వాత దానివైపు చూడనే లేదు. పామర్రు దాటాక పాట మారుద్దామని నేను చెయ్యి చాపాను. మోచేతి మీద ఒక్కటిచ్చింది.

"ఇప్పుడు తెర వెలిగితే నా కళ్లు అటు పోతాయి తాతయ్యా. ఉయ్యూరులో ఆపాక మారుద్దువుగాని."