సంత, సబఖ్: కంఠస్థ చదువులో తలుపు ఎవరికి?

విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించినప్పుడు అందులో ఒక చిన్న ఉపవిభాగం చేరింది. మదర్సాలకు, వేద పాఠశాలలకు, ప్రధానంగా మతబోధన చేసే సంస్థలకు ఈ చట్టం వర్తించదని దాని సారాంశం. ఒకే వాక్యంలో రెండింటినీ పక్కపక్కన కూచోబెట్టారు. విద్య, మతం గురించి జరిగే సెమినార్లలోనూ తరచుగా ఇదే కూర్పు కనబడుతుంది. రెండూ బట్టీ చదువులే, రెండూ గురువు నోటి మీద ఆధారపడ్డవే, రెండూ పిల్లల్ని ప్రశ్నకు దూరం చేసేవే అని చెప్పి ముగిస్తుంటారు. పద్ధతి వరకు చూస్తే ఇందులో నిజం లేకపోలేదు. కానీ పద్ధతి దగ్గరే ఆగిపోతే అసలు ప్రశ్న జారిపోతుంది. ఆ చదువును ఎవరు వినొచ్చు, ఎవరు పలకొచ్చు, ఎవరు తన దగ్గర నిలుపుకోవచ్చు? ఈ ప్రశ్నను పోలిక మధ్యలోకి తేవాలన్నదే మా ప్రయత్నం.

ముందు పద్ధతినే దగ్గరగా చూద్దాం. తెలుగు నేల మీద వేదపండితుల్లో ఎక్కువమందిది కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖ. సంహితలో 44, బ్రాహ్మణంలో 28, ఆరణ్యకంలో 10 కలిపి మొత్తం 82 ప్రశ్నలు. ఇక్కడ ప్రశ్న అంటే అధ్యాయం లాంటి భాగం. వాడుకలో ఇవే ‘పన్నాలు’. రమారమి యాభై పదాల ముక్కను ‘పనస’ అంటారు. గురువు ఒక ముక్క ఒకసారి చెబితే శిష్యులు రెండుసార్లు పలుకుతారు. దీన్నే సంత చెప్పడం అంటారు. ఆ తర్వాత శిష్యుడు తనంతట తాను పలుమార్లు వల్లె వేసుకుంటాడు. పుస్తకం చూసి నేర్చుకున్నది లెక్కలోకి రాదు. చెవి నుంచి నోటికి, నోటి నుంచి చెవికి పోవాల్సిందే.

పాఠం నోటికొచ్చాక దాన్ని తిప్పి తిప్పి చెప్పించే దశలు మొదలవుతాయి. వేదమంత్రం అక్కర లేదు, మన మాటల్లోనే చూడొచ్చు. ఊరు, ఏరు, దారి అనే మూడు పదాలున్నాయనుకుందాం. క్రమంలో ‘ఊరు ఏరు, ఏరు దారి’ అని రెండేసి పదాలు గొలుసులా సాగుతాయి. జటలో ‘ఊరు ఏరు, ఏరు ఊరు, ఊరు ఏరు’ అని ముందుకీ వెనక్కీ పోతాయి. ఘనలో ‘ఊరు ఏరు, ఏరు ఊరు, ఊరు ఏరు దారి, దారి ఏరు ఊరు, ఊరు ఏరు దారి’ అవుతుంది. మూడు పదాలను పదమూడుసార్లు పలికినట్టు. తర్వాత ‘ఏరు’ నుంచి మళ్లీ ఇదే వరస. ఒక పదం జారినా, రెండు పదాలు తారుమారైనా గొలుసు అక్కడికక్కడే తెగుతుంది. తప్పు దాక్కునే చోటు లేకుండా చేసిన ఏర్పాటు ఇది. ఘనాపాఠి కావాలంటే పదేళ్లకు పైబడి పట్టడం మామూలే.

మదర్సాలో ఖురాన్ కంఠస్థం చేసే చదువును హిఫ్జ్ అంటారు. పిల్లవాడు మొదట ఖాయిదాతో అక్షరాలు, తర్వాత నాజిరా, అంటే చూసి చదవడం నేర్చుకుంటాడు. ఇక్కడ పుస్తకం ఎదుటే వుంటుంది. పాఠశాలకూ దీనికీ మొదటి తేడా ఇదే. హిఫ్జ్‌లో రోజు పని మూడు భాగాలు. కొత్త పాఠం సబఖ్. ఈ మధ్య చేసిన పాఠాలు సబ్ఖీ. ఎప్పుడో పూర్తయిన పారాలను తిరగేయడం మంజిల్, కొన్నిచోట్ల ఆముఖ్తా అంటారు. మూడూ ఉస్తాదుకు చూడకుండా అప్పజెప్పాలి. ఖురాన్ ముప్పై పారాలు. పేజీకి పదిహేను పంక్తుల ప్రతిలో ఆరు వందల పైచిలుకు పేజీలు. రోజుకో పేజీ చొప్పున, శుక్రవారాలూ సెలవులూ పోను ఏడాదికి 250 రోజులు చదువు సాగిందనుకుంటే రెండున్నరేళ్లు. అర పేజీ చేసే పిల్లవాడికి ఐదేళ్లు.

హిఫ్జ్‌లో కష్టమంతా కొత్త పాఠంలో లేదు, పాతది నిలవడంలో వుంది. ఒకే రకమైన వాక్యాలు వేరువేరు సూరాల్లో కొద్ది తేడాతో వస్తాయి. సూరా రహమాన్‌లో 78 ఆయతులుంటే ఒకే వాక్యం 31 సార్లు వస్తుంది. ఏ సారి తర్వాత ఏ ఆయతు రావాలో తప్పితే పిల్లవాడు తెలియకుండానే పది ఆయతులు దాటేసి పోతాడు. వినేవాడికి ఎక్కడా తడబాటు కనబడదు, ధార బాగానే సాగుతుంది. అందుకే వినేవాడు కూడా హాఫిజే అయివుండాలి. రంజాన్ నెలలో తరావీహ్ నమాజులో హాఫిజ్ రాత్రికి పారా చొప్పునో, కొంచెం ఎక్కువో వినిపిస్తుంటే వెనక వరసలో ఇంకో హాఫిజ్ నిలబడి తప్పు దొరకగానే అందిస్తాడు. దాన్ని లుఖ్మా ఇవ్వడం అంటారు. వేదంలో తప్పును పాఠపు అల్లిక పట్టిస్తే ఇక్కడ వెనక నిలబడ్డ మనిషి పట్టిస్తాడు, అదీ నలుగురి ముందు.

రెండు చోట్లా అర్థం వెనక్కి పోయిందన్న విమర్శ వుంది. అది ఇవాళ్టి చదువుకున్నవాళ్లు కనిపెట్టిందేమీ కాదు. అర్థం తెలియకుండా వేదం వల్లించేవాణ్ని యాస్కుడు తన నిరుక్తంలో బరువు మోసే మోడుతో పోల్చాడు. మదర్సాలోనూ హిఫ్జ్ ఒక శాఖ మాత్రమే. ఆలిమ్ చదువు వేరు. 18వ శతాబ్దంలో లక్నోలో ముల్లా నిజాముద్దీన్ కూర్చిన దర్సే నిజామీలో అరబ్బీ వ్యాకరణం, తర్కం, ధర్మశాస్త్రం వున్నాయి. మదర్సా అంటే బట్టీ అని ఒక్కమాటలో తేల్చేవాళ్లు హిఫ్జ్ గదిని చూసి బడి మొత్తాన్ని కొలుస్తున్నారు. పైగా ముస్లిం పిల్లల చదువంటే మదర్సాయే అన్నట్టు మాట్లాడటం ఇంకో తప్పు. సచార్ కమిటీ 2006 నివేదిక ప్రకారం బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాకు పోయేవాళ్లు మూడు నాలుగు శాతమే.

ఇక తలుపు దగ్గరికి వద్దాం. గౌతమ ధర్మసూత్రం పన్నెండో అధ్యాయంలో శూద్రుడికి విధించిన శిక్షలు అందరూ ఎరిగినవే. వేదం వింటే చెవుల్లో సీసం, లక్క పోయాలి. పలికితే నాలుక కోయాలి. ధారణలో వుంచుకుంటే దేహం చీల్చాలి. ఈ శిక్షల క్రూరత్వం గురించి మనవాళ్లు ఇప్పటికే చాలా రాసిండ్రు. మేము చూపదలచింది వాటి వరస. వినడం, పలకడం, నిలుపుకోవడం. ఇవి సంత చదువులోని మూడు మెట్లు. బోధన ఎట్లా సాగుతుందో బాగా తెలిసినవాళ్లే ఏ మెట్టునూ వదలకుండా శిక్షలు రాసిండ్రు. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరుడు శూద్రుడికి వేదాధికారం లేదనడానికి ఈ మాటల్నే ఆధారంగా చూపిండు. అంటే కులం ఈ చదువుకు బయటినుంచి అంటుకున్న మురికి కాదు. అదే దాని ప్రవేశ నియమం. ఆడవాళ్లనూ ఉపనయనం లేదన్న కారణంతో ఈ తలుపు బయటే నిలబెట్టిండ్రు.

మా ఓరుగల్లు చరిత్రలోనే దీనికొక సాక్ష్యం వుంది. రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం గుంటూరు ప్రాంతంలో దొరికింది. గణపతిదేవుడి దీక్షాగురువు, గోళకీ మఠం ఆచార్యుడు విశ్వేశ్వర శంభువుకు ఇచ్చిన దానాల వివరం అందులో వుంది. ఋగ్, యజుః, సామ వేదాలు చెప్పడానికి ముగ్గురు ఉపాధ్యాయులు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం లాంటివి చెప్పడానికి మరికొందరు, ప్రసూతిశాల, వైద్యశాల, అన్నసత్రం అందులో చెప్పబడ్డాయి. సత్రంలో బ్రాహ్మణులు మొదలు చండాలుల దాకా అందరికీ అన్నం పెట్టాలని రాయించిండ్రు. చరిత్రకారులు దీన్ని ఉదారతకు గుర్తుగా చూపుతారు. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదని మేమూ ఒప్పుకుంటాం. కానీ అన్నం దగ్గర చండాలుడి పేరు గుర్తొచ్చిన శాసనానికి చదువు దగ్గర ఆ పేరు గుర్తు రాలేదు. ఆకలి తీర్చడానికి అభ్యంతరం లేదు, అక్షరం వినిపించడానికే అభ్యంతరం.

ఇస్లాంలో ఇట్లాంటి ప్రవేశ నియమం లేకపోవడానికి కారణం దయాగుణం మాత్రమే కాదు, ఆరాధన తీరులోనే వుంది. నమాజు ఎవరిది వాళ్లు చదవాలి. కనీసం ఫాతిహా, ఒకటి రెండు చిన్న సూరాలు నోటికి రానిదే నమాజు సాగదు. కాబట్టి నిన్న మతంలోకొచ్చిన వాడికైనా నేర్పక తప్పదు. వేదకర్మలో యజమాని తరఫున మంత్రం చెప్పేందుకు పురోహితుడు వుంటాడు. తక్కినవాళ్లకు నేర్పాల్సిన అవసరమే పుట్టదు. కంఠస్థం ఒకచోట అందరి బాధ్యతయి, ఇంకోచోట కొందరి ఆస్తయింది.

అట్లాగని మదర్సాలో కులం లేదంటే అదీ అబద్ధమే. తలుపు దగ్గర ఆపని కులం లోపలికొచ్చాక పలకరిస్తుంది. హనఫీ ధర్మశాస్త్రంలో పెండ్లికి ఈడుజోడు చూసే కుఫూ అధ్యాయంలో వంశం, వృత్తి లెక్కకొస్తాయి. నేతపని, తోలుపని లాంటివి తక్కువ వృత్తుల కింద చర్చకొస్తాయి. దర్సే నిజామీ విద్యార్థి చదివే హిదాయాలో ఈ చర్చ వుంది. అలీ అన్వర్ 2001లో ‘మసావాత్ కీ జంగ్’ రాసి అష్రాఫుల పెత్తనాన్ని నిలదీసింది ఇందుకే. అమ్మాయిలు హాఫిజాలవుతున్నరు గానీ మగవాళ్ల తరావీహ్‌కు ముందు నిలబడలేరు. వినడం, పలకడం, నిలుపుకోవడం అందరికీ ఇచ్చి, పెత్తనం దగ్గర ఆపేసినట్టయింది.

తలుపు తెరిచినంత మాత్రాన సరిపోదని తమిళనాడు చూపింది. అన్ని కులాలవాళ్లూ అర్చకులు కావొచ్చని 2006లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి శిక్షణ పెట్టింది. రెండు వందలమందికి పైగా నేర్చుకున్నరు. కేసుల్లో ఏళ్లు గడిచినై. 2021 ఆగస్టులో నియామకాలు ఇచ్చినప్పుడు అట్లా శిక్షణ పొందినవాళ్లలో 24 మందికే చోటు దొరికింది. వినడం, పలకడం, నిలుపుకోవడం మూడూ దాటినవాళ్లకు నాలుగో మెట్టు ఒకటి ఎదురైంది. నేర్చుకున్నదాని మీద బతకడం.

మదర్సా విద్యార్థికీ ఈ మెట్టు దగ్గరే చిక్కు. ఉత్తరప్రదేశ్ మదర్సా చట్టాన్ని సుప్రీంకోర్టు 2024 నవంబరులో నిలబెట్టింది గానీ, ఫాజిల్, కామిల్ అనే డిగ్రీ స్థాయి పట్టాలిచ్చే అధికారాన్ని యూజీసీ చట్టానికి విరుద్ధమని కొట్టేసింది. చట్టం రీత్యా ఆ తీర్పుకు కారణం వుండొచ్చు. కానీ ఆ పట్టాలు చేతబట్టుకున్న పేద పిల్లలు ఎటు పోవాలన్నది తీర్పుతో తీరేది కాదు.

కాబట్టి కంఠస్థాన్ని తిట్టి ఊరుకునే విమర్శ మనకు పనికిరాదు. మన దక్కలివాళ్లు జాంబపురాణాన్ని మాదిగ వాడల్లో తరాలుగా నోటితోనే నిలిపిండ్రు. తండ్రి పాడితే కొడుకు విని అందుకున్నడు. అదీ గురుశిష్య చదువే. 2012 సవరణలో పాఠశాల పేరు, మదర్సా పేరు వున్నాయి, దక్కలి పేరు ఎక్కడా లేదు. జ్ఞాపకశక్తి తప్పు కాదు. దాని చుట్టూ కట్టిన గోడను లెక్కగట్టాలి. మత విద్య మీద పరిశోధన చేసే మిత్రులు ఏ సంస్థకు పోయినా, పాఠం ఎట్లా చెబుతున్నరని రాసుకునే ముందు హాజరుపట్టీ అడగండి. ఎవరి పిల్లలు వింటున్నరు, ఎవరి పిల్లలు పలుకుతున్నరు, పూర్తిచేసినవాళ్లు పదేళ్ల తర్వాత ఎక్కడున్నరు. ఈ మూడూ రాసిన తర్వాతే రెండింటినీ ఒక వాక్యంలో కూచోబెట్టొచ్చో లేదో తేల్చుకుందాం.