రూపాయిన్నర ఎక్కడి నుంచి వచ్చింది?

షాపుల కాంప్లెక్స్‌లో మెట్ల పక్క గోడకు అంటించే నోటీసు చాలాసార్లు రెండు వాక్యాల్లో అయిపోతుంది. "వచ్చే నెల నుంచి మెయింటెనెన్స్ పెంచడమైనది. అందరూ సహకరించగలరు." అది చదివిన మొబైల్ షాపు కుర్రాడికీ, పై అంతస్తు టైలరుకీ వచ్చే సందేహాలు మూడే: ఎంత, దేనికి, ఎప్పటి నుంచి? మూడింటికీ జవాబు లేని కాగితం నోటీసు కాదు, తగవుకి పిలుపు.

నరసరావుపేటలో పన్నెండు షాపులున్న రెండంతస్తుల కాంప్లెక్స్ ఒకటి ఉందనుకుందాం. షాపులన్నీ కలిపి 6,000 చదరపు అడుగులు. ఉమ్మడి ఖర్చు నెలకు 36,000 రూపాయలు, అంటే అడుక్కి 6 రూపాయలు. ఇప్పుడు వాచ్‌మన్ జీతం 12,000 నుంచి 14,000కి, ఊడ్చే మనిషి జీతం 8,000 నుంచి 9,500కి చేరాయి. మెట్లు, వరండా లైట్లు, నీళ్ల మోటారు, లిఫ్టు కరెంటు 8,500 నుంచి 11,000 అయింది. లిఫ్టు సర్వీసు కాంట్రాక్టు 3,500 నుంచి 4,500కి, జనరేటరు డీజిలు 4,000 నుంచి 6,000కి పెరిగాయి. కొత్త మొత్తం 45,000. అడుక్కి ఏడున్నర. 240 అడుగుల షాపు నెలకు 1,440 బదులు 1,800 కట్టాలి.

ఈ లెక్కను పాత, కొత్త అంకెలు పక్కపక్కన వేసి నోటీసులో చూపిస్తే, "వాచ్‌మన్ ఒక్కడే కదండీ, అడుక్కి రూపాయిన్నర ఎందుకు పెరిగింది?" అని అడిగే వ్యాపారికి వేలు పెట్టి చూపించడానికి ఒక వరస ఉంటుంది. ఆ వరస పక్కనే బిల్లు కూడా ఉండాలి.

అసలు పేచీ మాత్రం పైన వేసిన ఖర్చులతో రాదు, కింద భాగించే అంకెతో వస్తుంది. పన్నెండులో రెండు షాపులు, 1,000 అడుగులు, ఖాళీగా ఉన్నాయనుకోండి. యజమాని 45,000ని 5,000తో భాగిస్తే అడుక్కి 9 రూపాయలు పడుతుంది. అదే 240 అడుగుల షాపు 2,160 కట్టాల్సివస్తుంది. ఖాళీ షాపుల వంతు 7,500ను మిగతా పదిమంది నెత్తిన వేసినట్టే కదా! అగ్రిమెంటులో వేరుగా రాసుకోకపోతే ఆ వంతు యజమానిదే అన్నది న్యాయం. కాబట్టి నోటీసులో "మొత్తం 6,000 అడుగులు, ఖాళీ షాపులతో సహా" అనే మాట ఉండాలి. కొలత కూడా అందరికీ ఒకటే కావాలి. ఒకరికి లోపలి నేల కొలిచి, ఇంకొకరికి గోడలూ వరండా కలిపితే పై లెక్కంతా చెడుతుంది.

ఇంకొకటి: పాత జనరేటరు తీసేసి కొత్తది కొంటే ఆ లక్షల రూపాయలు ఒక్క నెల మెయింటెనెన్స్‌లో పడకూడదు. అది యజమాని ఆస్తికి పెట్టిన పెట్టుబడి. డీజిలూ, సర్వీసూ మాత్రమే ఇందులోకి వస్తాయి. గ్రౌండ్‌ఫ్లోర్ వాళ్లు "లిఫ్టు మేమెక్కం" అంటారు. దానికి జవాబు నోటీసులో దొరకదు, అగ్రిమెంటులో వెతకాలి. అమరావతిలో గుడి వీధి లాంటి చోట లిఫ్టూ జనరేటరూ లేని ఆరు షాపుల వరసకైతే ఇంత తతంగం అక్కర్లేదు. ఊడ్చే మనిషి జీతం, ఒక మీటరు బిల్లు ఆరు వంతులు చేస్తే చాలు.

తేదీ దగ్గర కూడా మోసపోతారు. "ఆగస్టు నుంచి" అంటే ఆగస్టులో చేతికొచ్చే జులై బిల్లా, ఆగస్టు నెల ఖర్చా? యజమాని మనసులో ఒకటి, షాపాయన మనసులో ఇంకొకటి. "ఆగస్టు 1 నుంచి అయ్యే ఖర్చుకు, సెప్టెంబరు 5లోపు కట్టాల్సిన బిల్లుతో మొదలు" అని రాస్తే ఆ గందరగోళం ఉండదు. అగ్రిమెంటులో ముప్పై రోజుల గడువుంటే, నోటీసు జులై 1 నాటికే చేతిలో పడాలి. గడిచిన నెలలకు వెనక్కి వెళ్లి వసూలు చేయడం కుదరదు.

జీఎస్టీ విడిగా చూపాలి. యజమాని రిజిస్టరై ఉంటే మెయింటెనెన్స్ మీద 18 శాతం: 1,800కి 324, మొత్తం 2,124. షాపు లోపలి సబ్‌మీటరు కరెంటు వేరు సంగతి. 2023 అక్టోబరు 31 నాటి కేంద్ర సర్క్యులర్ ప్రకారం, యజమాని కేవలం ఏజెంటుగా ఉండి, కరెంటు సంస్థ తన దగ్గర తీసుకున్న ధరకే యూనిట్లు వసూలు చేస్తే దాని మీద జీఎస్టీ ఉండదు. అదే కరెంటును మెయింటెనెన్స్‌లో కలిపేసి అడుగుల లెక్కన తీసుకుంటే 18 శాతం దాని మీదా పడుతుంది.

అందుకే ఆ కాంప్లెక్స్ యజమాని రాయాల్సిన నోటీసు ఒక పేజీ: పైన తేదీ, అగ్రిమెంటులోని క్లాజు నంబరు, నడుమ ఐదు వరసల పట్టిక, ప్రతి షాపుకీ దాని అడుగులు, పాత మొత్తం, కొత్త మొత్తం. కింద చివరి వాక్యం, "జులై 10 వరకు సాయంత్రం 4 నుంచి 6 దాకా ఆఫీసు గదిలో బిల్లులు చూడవచ్చు." గోడకు ఒక కాపీ, ప్రతి షాపుకీ ఒకటి, అందినట్టు సంతకంతో.