బ్యాటరీ ఎగిరితే

రెండున్నరేళ్లలో మా ట్రాక్టరు మూడు బ్యాటరీలు తినేసింది. మొదటిది 14 నెలలు పనిచేసింది, రెండోది 9. మూడోది మొన్న సార్వా దమ్ముల్లో, కేజ్ వీల్స్ బిగించి నాలుగు రోజులు తిరిగాక చేను గట్టు మీదే మొరాయించింది. దానికి 7 నెలలు కూడా సరిగ్గా నిండలేదు.

నాన్న కంపెనీని తిట్టారు. బ్యాటరీ అమ్మినాయన డైనమో మీదికి తోశాడు. ఇంజను ఆడుతుండగా మీటరు పెడితే 14.2 వోల్టులు వచ్చాయి. అంటే చార్జింగులో తప్పు లేదు. ఆ మాట రెండో బ్యాటరీ పోయినప్పుడే తేలింది. అయినా అప్పుడు అసలు కారణం ఎవరం వెతకలేదు, కొత్తది కొనుక్కొచ్చేశాం.

ఆ రెండోది పోయిన తీరు ఇప్పుడు గుర్తుచేసుకుంటే అంతా అర్థమవుతోంది. రాత్రంతా చార్జింగు పెట్టినా 10.5 వోల్టులు దాటలేదు. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్సుంటాయి, ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు. ఒకటి పడిపోతే మిగిలేది సరిగ్గా అంతే. గ్రావిటీ చూస్తే అయిదు సెల్సు 1250 దగ్గర ఉన్నాయి, మూడో సెల్లు మాత్రం 1130. పైగా ఆ సెల్లులోంచి లాగిన యాసిడ్ చెరువు నీళ్లలా గోధుమరంగుగా వచ్చింది. ఆ రంగు పాజిటివ్ ప్లేటు మీది ముద్దది. సీసపు జాలీలో అదిమిన ఆ ముద్ద వాడకంలో కొద్దికొద్దిగా రాలడం మామూలే. కానీ పెట్టె అదేపనిగా అదిరితే ముందే రాలిపోయి, అడుగున బురదలా పేరుకుని, పక్కపక్క ప్లేట్లను కలిపేస్తుంది. ఇక ఆ సెల్లు ఎంత చార్జింగు పెట్టినా నిలవదు.

మూడోది ఇలా చావలేదు. మీటరు పెడితే 12.5 చూపించింది, హారను మోగింది. సెల్ఫ్ కొడితే మాత్రం టక్‌మని ఒక్క చప్పుడు, మీటరులో అంకె ఒక్కసారిగా కిందికి. టెర్మినళ్లు గీకి, వైర్లు బిగించి చూసినా అదే. కాసేపాగి కొడితే ఒకసారి స్టార్టయింది, మళ్లీ లేదు. మా ఎలక్ట్రీషియన్ మీటరు పక్కన పెట్టి, బ్యాటరీని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. అది వేలెడంత పక్కకు జరిగింది.

"ఇదేంటి బాబాయ్, ఉయ్యాల్లో పడుకోబెట్టారా?" అన్నాడు.

పైన పట్టీ ఉంది గానీ, దాన్ని పట్టుకోవాల్సిన రెండు హుక్కు బోల్టుల్లో ఒకటి లేదు. ఆ స్థానంలో నేనే ఎప్పుడో కట్టిన సైకిల్ ట్యూబు ముక్క ఉంది. బ్యాటరీ దింపితే కింద రబ్బరు షీటు లేదు. ట్రే మీద తుప్పు మధ్యలో, బ్యాటరీ మూలలు రాసుకున్న చోట మాత్రం ఇనుము కొత్త రూపాయిలా మెరుస్తోంది. ఆ గుర్తు మీ ట్రాక్టరులో కనిపిస్తే ఇక డైనమోను అనుమానించక్కర్లేదు.

పాత బ్యాటరీలు కొనే చోట దాన్ని కోసి చూపించారు. (ఇంట్లో మీరు కొయ్యకండి, యాసిడూ సీసమూ రెండూ చేటే.) ఒక సెల్లులో ప్లేట్లన్నీ పైన ఒక సీసపు పట్టీకి సన్నటి మెడలతో అతికి ఉంటాయి. పెట్టె ఎగిరిన ప్రతిసారీ లోపలి ప్లేట్ల బరువు ఆ మెడల మీద పడుతుంది. తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే అవీ తెగుతాయి. మా దాంట్లో చాలా మెడలు విరిగిపోయాయి, కొన్ని ప్లేట్ల జాలీలూ చిట్లాయి. హారనుకు కావాల్సిన కాస్త కరెంటు మిగిలిన అతుకుల్లోంచి వెళ్తుంది, సెల్ఫ్‌కు కావాల్సిన వందల ఆంపియర్లు వెళ్లవు. విరిగిన చోట నిప్పురవ్వ లేస్తే లోపలి గ్యాసు అంటుకుని బ్యాటరీ పేలే ప్రమాదమూ ఉంది. అలాంటిదాన్ని ఆగి ఆగి పదిసార్లు సెల్ఫ్ కొట్టాన్నేను.

బాగుచేయడానికి ఒక పూట పట్టింది. వైర్లు విప్పేటప్పుడు ముందు నెగటివ్. ట్రేను వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక తుప్పు గీకి, చిల్లిపడిన మూలకు వెల్డింగు పెట్టించి రంగు వేశాం. అడుగున మందపాటి రబ్బరు షీటు పరిచాం, కొత్త హుక్కు బోల్టులు వేసి స్ప్రింగు వాచర్లతో బిగించాం. పట్టీ పాజిటివ్ టెర్మినల్‌కు తగలకుండా చూసుకోవాలి. నేను పానాకు బలమంతా పెట్టబోతే ఎలక్ట్రీషియన్ ఆపాడు. మరీ బిగిస్తే పెట్టె పక్కలు ఉబ్బి చిట్లుతాయట. చేత్తో ఊపితే ట్రాక్టరు కదలాలి గానీ బ్యాటరీ కదలకూడదు, అంతవరకే. వారం తర్వాత రబ్బరు అణిగి నట్లు కాస్త వదులయ్యాయి, మళ్లీ ఒక చుట్టు తిప్పాను.

విరిగిన ప్లేటును ఏ చార్జింగూ అతికించదు, కాబట్టి నాలుగో బ్యాటరీ కొనక తప్పలేదు. మీది కూడా ఏడాదికొకటి పోతుంటే, దుకాణానికి వెళ్లేముందు ఒకసారి బానెట్ ఎత్తి రెండు చేతులతో ఊపి చూడండి.