పులస మీద ఒక గీత

బాపు బొమ్మలో ముక్కు కోసం వెతికితే చాలాసార్లు ఒక్క గీతే దొరుకుతుంది. కనుబొమ దగ్గర బయల్దేరి, కిందికి దిగి, చిన్న మలుపు తిరిగి ఆగిపోతుంది. చూడ్డానికి ఎంత తేలిక! అనుకరించబోయిన వాళ్ళను అడగండి. ఆ మలుపు వెంట్రుకవాసి కిందికి జారితే పదహారేళ్ళ పిల్లకు పాతికేళ్ళు వస్తాయి. కొంచెం పైకి పోతే పిల్ల అలిగి కూర్చుంటుంది. 1933 డిసెంబరు 15న నరసాపురంలో సత్తిరాజు లక్ష్మీనారాయణగా పుట్టిన బాపు గారు మద్రాసులో లా చదివి, కోర్టుల జోలికి పోకుండా ఈ వెంట్రుకవాసి లెక్కల్లో జీవితం గడిపారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ బుడుగును మాటల్లో పుట్టిస్తే, వాడికి మొహం ఇచ్చింది బాపు గీత. ఆ మొహంలో ఒక్క గీత తీసేసినా వాడు బుడుగు కాడు, పక్కింటి కుర్రాడైపోతాడు.

గీత విలువ చెప్పడానికి బాపు దాకా వెళ్ళక్కర్లేదు, వీధి బోర్డులు చాలు. కాకపోతే ఊరు మాత్రం బాపు ఊరే. ఇక్కడ చెప్పే కథలో మనుషులు కల్పితం. ఊరు, చేప, పని మాత్రం నిజం.

నరసాపురంలో రేవుకు పోయే దారిలో ఒక ముసలాయనకు వలల కొట్టు ఉంది. నైలాను వలలు, తాళ్ళు, బెండ్లు, సీసం గుళ్ళు అమ్ముతాడు. కొట్టు మీద ఆరడుగుల రేకు బోర్డు. నీలం రంగు మీద తెల్ల ఎనామిల్‌తో పులస చేప, మూతి కాస్త పైకి ఎత్తి ఉంటుంది. దాన్ని వేసిన పెయింటరు ఎప్పుడో పోయాడు. ఎంత గొప్పగా వేశాడంటే పొట్ట దగ్గర రంగు పలచబడి వెండిలా మెరుస్తుంది, తోక చీలిక ఒక్క కుంచె విసురులో వచ్చింది. చిక్కల్లా ఒకటే. ఆషాఢం వచ్చి గోదారి ఎర్రబడగానే పై ఊళ్ళ కార్లు కొట్టు ముందు ఆగుతాయి. “పులస ఉందాండీ? కిలో ఎంత?” అని అడుగుతారు. పుస్తెలమ్మి పులస తినాలనే నాడు, వల కొట్టు మీది చేపను అమ్మకపు చేప అనుకోవడం వాళ్ళ తప్పు కాదు. బోర్డు మీద చేప తప్ప ఇంకేమీ లేదు. చేప ఒక్కటే ఉంటే చచ్చిన చేపే, అంటే సరుకే.

విసిగిపోయిన ముసలాయన ఫ్లెక్సీ కొట్టించేద్దామనుకుంటున్న రోజుల్లో మేనల్లుడు వచ్చాడు. పెళ్ళిపందిళ్ళకు పేర్లు రాసి, గోడలకు బొమ్మలు వేసి బతికే కుర్రాడు.

“బోర్డు మార్చకండి మావయ్యా. ఒక్క గీత వేసి చూపిస్తాను.”

“ఒక్క గీతకి ఏవవుద్దిరా?”

కుర్రాడు నిచ్చెనెక్కి, సుద్దముక్కతో చేప మూతి నుంచి బోర్డు పైమూలకు గీత లాగాడు. అంతే, చేప గాలానికి పడింది. గీతను బిగువుగా లాగాడు కాబట్టి అవతల చెయ్యి ఒకటి ఉన్నట్టయింది. అదే గీత మధ్యలో వేలాడితే చేప తప్పించుకున్నట్టుండేది. పైగా గీత ఎక్కడికీ పోకుండా చేప వెన్ను వంపునే కొనసాగించింది. ఆ వంపును వదిలి వేరే దిక్కుకు పోతే గాలం తాడు కాస్తా చేప నోట్లో గుచ్చిన పుల్లలా కనబడుతుంది. కుంచె పట్టినవాడి దృష్టిలో ఇది చక్కని పని.

ముసలాయన మాత్రం పకపకా నవ్వాడు. “పులస గాలానికి పడుద్దిరా? వల వేసేవోడెవడన్నా చూస్తే మళ్ళీ నా కొట్టు గడప తొక్కడు!” ఆయన మాట నిజం. పులస నీటిలోని కంటికి ఆనని జీవాలను మొప్పల్లో వడగట్టుకు తినే జాతి. ఎరకు నోరు తెరవదు. కొరమీను బొమ్మయితే ఆ గీత చెల్లేది. ఏ చేప వేశారో తెలియకుండా ఏ గీతా వెయ్యకూడదని తడిగుడ్డతో తుడిచేశాడు కుర్రాడు.

రెండో గీత చేప కింద వేశాడు. వల పొట్ట వేలాడినట్టు, రెండు కొసలూ పైకి లేచిన వంపు. మావయ్య ఈసారి రోడ్డు దాటి వెళ్ళి చూసి, అక్కణ్ణుంచే కేక వేశాడు. “ఒరే, దాకలో పెట్టేశావు! ఇహ చింతపండు పులుసు పొయ్యడమే తరువాయి.” దగ్గరగా చూస్తే వల, దూరంగా చూస్తే మట్టి దాక. చేప కింద వంపు కనబడితే కంటికి ముందు గిన్నే తడుతుంది. అది అలాగే ఉంచితే కార్లు ఆగడం మానకపోగా, భోజనానికి ఆకులు వెయ్యమంటారు.

మూడో గీత చేప పైన. బోర్డు ఈ చివరి నుంచి ఆ చివరికి, అడ్డంగా, మూడు చిన్న అలలతో. అంతే, చేప బతికింది! నీటిలో ఉన్న చేప ఎవరి సరుకూ కాదు. దాన్ని పట్టాలంటే వల కావాలి, వల ఈ కొట్లో దొరుకుతుంది. ఈ ఆలోచనంతా గీత వేసిన క్షణంలో చూసేవాడి మనసులో జరిగిపోతుంది.

అయితే ఆ గీత ఎక్కడ వెయ్యాలన్న దగ్గరే పనితనం ఉంది. మొదట వెన్నుకు ఆనించి వేశాడు. చేప నీటి కింద లేదు, నీటిని మోస్తున్నట్టుంది. రెండు ఆకారాల అంచులు ఒకదాన్నొకటి రాసుకుంటే ఏది ముందో ఏది వెనకో కన్ను తేల్చుకోలేదు, బొమ్మ అతుక్కుపోతుంది. వీపు రెక్కను కోస్తూ వేస్తే చేప ఎగిరి గంతేస్తోంది. బెత్తెడు ఎడం ఇచ్చి పైకి జరిపాక గానీ లోతు రాలేదు. చేపకూ గీతకూ మధ్య ఉన్న ఆ బెత్తెడు నీలం అంతకుముందు ఉత్త రంగు, ఇప్పుడు నీళ్ళు. అక్కడ కుంచె ఆనించనే లేదు, చూశారా!

ఇంకో విశేషం. ఆ చేప మూతి పైకెత్తి ఉండడాన్ని ముసలాయన ఇన్నేళ్ళూ మేకు జారిన బోర్డు అనుకున్నాడు. సరిచేద్దామని ఒక మూల చెక్కముక్క కూడా దూర్చాడు. నీటి గీత ఎప్పుడూ మట్టంగానే ఉండాలి కాబట్టి, మేనల్లుడు ఆ చెక్కముక్క పీకేసి, పక్కింటి తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి బోర్డును సరిగ్గా నిలబెట్టాడు. అప్పుడు తెలిసింది చనిపోయిన పెయింటరు ఉద్దేశం. మట్టంగా ఉన్న గీత కింద ఏటవాలు చేప వరదకు ఎదురీదుతోంది. సముద్రం నుంచి గోదావరిలోకి ఎగబాకే పులస అది. చేప ఏమీ మారలేదు. ఏటవాలుకు కొలబద్ద దొరికిందంతే.

సుద్దగీత పక్కా కావాలంటే బోర్డు దించాల్సిందే. నిచ్చెన మీద నిలబడి ఆరడుగుల గీత ఒక్క ఊపులో రాదు. మధ్యలో ఆపి మళ్ళీ అందుకుంటే అతుకు కనబడుతుంది. రెండు స్టూళ్ళ మీద బోర్డు పడుకోబెట్టి, గీత పోయే మేర మాత్రం వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది, దుమ్ము తుడిచాడు. పాత ఎనామిల్ నునుపు మీద కొత్త రంగు నిలవదు, ఎండకు పెచ్చులూడుతుంది. రంగు ఏది? తెలుపైతే చేపతో కలిసిపోతుంది. ఇనప తలుపులకు పూసే రెడ్ ఆక్సైడ్‌లో కాస్త పసుపు కలిపాడు. అది వరద నీటి రంగు, పులస కాలం రంగు. టర్పెంటైన్ చుక్కలు ఎక్కువైతే గీత కారిపోతుంది, తక్కువైతే కుంచె నడవదు. పాత రేకు ముక్క మీద రెండుసార్లు లాగి చూసి, మణికట్టు కదలనివ్వకుండా భుజం నుంచి చెయ్యి జరుపుతూ, బోర్డు వెంట నడుస్తూ లాగాడు. మందం వేలెడు. సన్నగా వేసిన సుద్దగీత రోడ్డు అవతలికి కనబడలేదని ముందే చూసుకున్నాడు. మూడు అలల్నీ మూడు ఎత్తుల్లో వేశాడు. ఒకే కొలతలో వస్తే నది పోయి నగిషీ మిగులుతుంది.

కార్లు ఆపి అడిగేవాళ్ళు పూర్తిగా మానలేదనుకోండి. పులస పిచ్చి గీతకు లొంగే రకం కాదు. కానీ వలలు కొనే పడవలవాళ్ళు బోర్డు కింద ఆగి చూడ్డం మొదలైంది.

అడ్డగీత ఒకటి ఇన్ని పనులు చేస్తుందని ప్రపంచానికి చూపినవాడు సాల్ స్టైన్‌బర్గ్. రుమేనియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ చిత్రకారుడు 1954లో మిలాన్ ప్రదర్శన కోసం మడతల పటంగా ఒక పొడవాటి బొమ్మ వేశాడు. మొదటి నుంచి చివరిదాకా ఒకే అడ్డగీత. అది ఒకచోట వెనిస్ నీటి అంచు, ఒకచోట బట్టలారేసే తాడు, మరొకచోట బల్ల అంచు. గీత మారదు, పైనా కిందా ఏముందో దాన్నిబట్టి అర్థం మారుతుంది. మన కుర్రాడు అదే కిటుకును తిరగేశాడు. ఆయన గీతను ఉంచి బొమ్మలు మార్చాడు, మనవాడు బొమ్మను ఉంచి గీత మార్చాడు.

ఇక ఫ్లెక్సీ సంగతి. కోపం రాకుండా రాయడం కష్టం. ఫ్లెక్సీ మీది చేప ఫోటో తన వెలుగు, నీడ, కిందనున్న ఐసుగడ్డలు అన్నీ వెంట తెచ్చుకుంటుంది. దాని మీద ఏ గీత వేసినా గీతే, నీరు అవదు. చేత్తో వేసిన బోర్డు చాలా వదిలేస్తుంది కాబట్టే గీతకు చోటుంది. పైగా ఎక్కడిదో శీతల సముద్రపు చేపను దించి, దాని పక్కన ‘గోదావరి పులస’ అని అచ్చేస్తున్నారు! పులస పుట్టిన గడ్డ మీద ఇంతకన్నా అవమానం ఉందా? ఆ ఫ్లెక్సీ కొన్ని ఎండలకే వెలిసి, ఒక గాలివానకు చిరుగుతుంది. చిరిగితే మురిక్కాలవలో తేలుతుంది. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామంది. కట్టేవాళ్ళు కడుతూనే ఉన్నారు. 1925లో ఇరవై ఏడేళ్ళకే కన్నుమూసిన దామెర్ల రామారావు పేర చిత్రశాల ఉన్న రాజమండ్రిలో కూడా బజారు బోర్డుల్లో చెయ్యి తిరిగిన గీత కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. కుంచెలు మూలన పడేసి ఫ్లెక్సీ కొట్లో మౌసు పట్టిన పెయింటర్లను తప్పుపట్టలేం, ఇల్లు గడవాలి. తప్పు పని ఇవ్వని మనది.

కొట్టు మీద పాత రేకు బోర్డు ఉన్నవాళ్ళు దాన్ని పాతసామాను వాడికి తూకానికి వెయ్యకముందు ఒక పెయింటరును పిలవండి. రంగు డబ్బా మూత తియ్యనివ్వకండి, ముందు సుద్దముక్క ఇవ్వండి. మూడు నాలుగు చోట్ల గీత వేయించి, ప్రతిసారీ రోడ్డు దాటి వెళ్ళి చూడండి. మీ సరుకు ఏమిటో తెలియని పరాయి మనిషిని ఒకణ్ణి వెంటబెట్టుకెళ్ళి, “ఇక్కడేం అమ్ముతారు?” అని అడగండి. వాడు సరిగా చెప్పేదాకా తడిగుడ్డ చేతిలోనే ఉంచుకోండి.