ఫ్లైఓవర్ ప్రశ్నను దిద్దేదెలా?

సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో యూపీఎస్సీ నైతికత పేపరును 2013లో మొదటిసారి పెట్టింది. ఆ ఏడాది కేస్ స్టడీల్లో ఒకటి ఫ్లైఓవర్ గురించి. అందులో అభ్యర్థి మునిసిపల్ కార్పొరేషన్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. కింద ఇద్దరు జూనియర్ ఇంజినీర్లు, పైన చీఫ్ ఇంజినీరు. పనంతా డిజైన్ ప్రకారమే సాగుతోందని జూనియర్లు ఎప్పటికప్పుడు నివేదికలు పంపుతున్నారు. ఒకరోజు చెప్పకుండా సైటుకు వెళ్లి చూస్తే భద్రతకే ముప్పు తెచ్చే లోపాలు కనిపించాయి. సరిచేయాలంటే చాలాభాగం పగలగొట్టి మళ్లీ కట్టాలి. కాంట్రాక్టరుకు నష్టం, పని ఆలస్యం. ట్రాఫిక్‌తో విసిగిపోయిన జనం త్వరగా పూర్తిచేయమంటున్నారు. చీఫ్ ఇంజినీరేమో అదంత పెద్ద లోపం కాదు, వదిలేసి పని వేగం పెంచమన్నారు.

ప్రశ్నలోనే ఐదు దారులు ఇచ్చారు: పైఅధికారి చెప్పినట్టు చేయడం, వివరంగా నివేదిక రాసి లిఖితపూర్వక ఉత్తర్వు అడగడం, జూనియర్ల సంజాయిషీ తీసుకుని కాంట్రాక్టరుతో సరిచేయించడం, విషయం చీఫ్ ఇంజినీరు పైవారికి చేరేలా చేయడం, బదిలీ కోరడమో సిక్ లీవు పెట్టడమో. ఒక్కోదాని మంచిచెడ్డలు తూచి, చివరకు ఏం చేస్తారో కారణాలతో చెప్పాలి. 250 పదాలు, 20 మార్కులు.

మొదటి దారి, ఐదో దారి తప్పని దాదాపు ప్రతి అభ్యర్థీ రాస్తాడు. కాబట్టి అక్కడ ఎవరూ ఎవరినీ మించరు. జవాబుల మధ్య తేడా తేలేది మిగిలిన మూడింటిని ఏ వరుసలో, ఏ కారణంతో కలిపారన్న దగ్గర.

ముందుగా స్టేక్‌హోల్డర్ల సంగతి. చాలా జవాబు పత్రాల్లో వీళ్ల పేర్లు ఒక పెట్టెలో వరుసగా కనిపిస్తాయి: ప్రజలు, కాంట్రాక్టరు, చీఫ్ ఇంజినీరు, జూనియర్లు, నేను. ఆ పెట్టె పదాలు తినేస్తుంది గానీ దిద్దేవారికి కొత్తగా ఏమీ చెప్పదు. పేరు పక్కన వాళ్లకు దక్కేదేమిటో, పోయేదేమిటో ఉండాలి. ఈ కేసులో ‘ప్రజలు’ అనే మాట కింద నిజానికి ఇద్దరున్నారు. ఇవాళ ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇరుక్కుంటున్నవాళ్లు ఒకరు. రేపు ఆ వంతెన మీదా, దాని కిందా తిరగబోయేవాళ్లు ఇంకొకరు. మొదటివారి గొంతు కార్పొరేషన్‌కు రోజూ వినిపిస్తుంది. రెండోవారికి ఇంకా గొంతే లేదు. ఆ ఇద్దరినీ విడదీసి చూపిన అభ్యర్థి ప్రశ్నలోని ఒత్తిడి ఎక్కడినుంచి వస్తోందో పట్టుకున్నాడని అర్థం. సగం కట్టిన నిర్మాణం కింద పనిచేస్తున్న కూలీలను కూడా గుర్తుచేస్తే ఇంకా మంచిది. ప్రశ్నలో వాళ్ల ప్రస్తావన లేదు, కానీ ముప్పు అందరికంటే ముందు వాళ్లకే.

తర్వాత విలువల ఘర్షణ. ‘నిజాయితీకీ అవినీతికీ మధ్య పోరు’ అని రాసిన జవాబు ప్రశ్నను సరిగా చదవనట్టే. చీఫ్ ఇంజినీరు లంచం తీసుకున్నట్టు ప్రశ్నలో ఎక్కడా లేదు. ఆయనది ఒక సాంకేతిక అభిప్రాయం. అనుభవంలో పెద్దవాడు కనుక ఆయన మాటే నిజమయ్యే అవకాశమూ ఉంది. అసలు ఘర్షణ ప్రాణభద్రతకూ, సమయానికి పని ముగించాల్సిన బాధ్యతకూ మధ్య. అంతేకాదు, పైఅధికారి మాట వినాలన్న క్రమశిక్షణకూ, తన వృత్తి పరిజ్ఞానం చెబుతున్నదానికీ మధ్య. ఇవన్నీ మంచి విలువలే. ఏది ఎందుకు ముందుకు రావాలో చెప్పినచోటే మార్కులు పడాలి: ఆలస్యం వల్ల జరిగిన నష్టాన్ని తర్వాత పూడ్చుకోవచ్చు, కూలిన వంతెన కింద పోయిన ప్రాణాన్ని తేలేం. ఈ ఒక్క కారణం స్పష్టంగా ఉంటే చాలు, తత్వవేత్తల పేర్లు లేకపోయినా జవాబు నిలబడుతుంది.

పైఅధికారి పొరబడి ఉండొచ్చు, నేనూ పొరబడి ఉండొచ్చు అని ఒప్పుకున్న జవాబుకు సహజంగానే తర్వాతి అడుగు దొరుకుతుంది. అభిప్రాయాల మధ్య తగవును పరీక్షతో తేల్చవచ్చు. కాంక్రీటును పగలగొట్టకుండా అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షించవచ్చు. కడ్డీలు ఎక్కడున్నాయో కవర్ మీటరుతో చూడవచ్చు. అనుమానం బలపడితే కోర్లు, అంటే స్తంభాకారపు ముక్కలు, తీసి లాబ్‌లో నలిపి చూస్తారు. ఐ.ఎస్. 456 ప్రమాణం ప్రకారం కనీసం మూడు కోర్లు తీయాలి. వాటి సగటు బలం నిర్దేశించినదానిలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతం కంటే దిగకూడదు. ఎం40 కాంక్రీటైతే సగటు 34, ఒక్కోటి కనీసం 30 మెగాపాస్కల్స్ అన్నమాట. పరీక్షలో ఈ అంకెలు రాయనక్కర్లేదు. బయటి సాంకేతిక సంస్థతో పరీక్ష చేయిస్తానన్న ఒక్క వాక్యం చాలు.

ఇక నిర్ణయం. ‘చీఫ్ ఇంజినీరును ఒప్పిస్తాను’ అన్నది ఎక్కువగా కనిపించే బలహీనమైన వాక్యం. ఆయన ఒప్పుకోకపోతే ఏమిటన్నది అందులో లేదు. గట్టి జవాబు ఇలా నడుస్తుంది. మొదటిరోజే లోపం ఉన్న భాగంలో పని ఆపించి, ఫొటోలు, కొలతలతో నోట్ పెట్టాలి. పరీక్షకు అనుమతి, వదిలేయమన్న సలహాకు లిఖితపూర్వక ఉత్తర్వు అందులోనే అడగాలి. ఇలా అడగడం ధిక్కారం కాదు. పైఅధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలనీ, నోటిమాటగా ఇస్తే తర్వాత రాతలో ఖరారు చేసుకోవాలనీ 1968 నాటి ఆలిండియా సర్వీసుల ప్రవర్తనా నియమాలే చెబుతున్నాయి. లోపం లేని భాగాల్లో పని ఆగకూడదు. లోపం ఉన్న భాగపు బిల్లు మాత్రం పరీక్ష ఫలితం వచ్చేదాకా నిలిపి ఉంచాలి. జూనియర్లకు సంజాయిషీ నోటీసు ఇవ్వాలి గానీ విచారణకు ముందే శిక్ష మాట ఎత్తకూడదు. వాళ్లు కుమ్మక్కయ్యారా, లేక కొలవకుండానే సంతకం పెట్టారా అన్నది ఇంకా తేలలేదు.

నాలుగో దారి దగ్గర చాలామంది తడబడతారు. కొందరు నేరుగా పత్రికలకు చెబుతామంటారు, కొందరు ఆ దారే వద్దంటారు. సరైన మెట్టు చీఫ్ ఇంజినీరు పైన ఉండే కార్పొరేషన్ కమిషనరు. చెప్పిన గడువులోగా జవాబు రాకపోతే అదే ఫైలును, చీఫ్ ఇంజినీరుకు తెలియజేసే, కమిషనరు ముందు పెట్టాలి. ఈ మెట్టుకు మూల్యం ఉంటుందని ఒప్పుకున్న జవాబుకే విలువ. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యారు. తన పేరు గోప్యంగా ఉంచమని ఆయన కోరినా అలా జరగలేదు. ఇటువైపు, ఈ ప్రశ్న వచ్చిన మూడేళ్లకే, 2016 మార్చి 31న, కోల్‌కతాలో నిర్మాణంలో ఉన్న వివేకానంద ఫ్లైఓవర్ కూలి ఇరవై మందికి పైగా చనిపోయారు. మాట్లాడితే వచ్చే ప్రమాదం, మాట్లాడకపోతే వచ్చే ప్రమాదం రెండింటినీ ఈ ఉదంతాలు చూపిస్తాయి. వీటిలో ఏదో ఒకటి సరైన చోట ఒక్క వాక్యంలో వచ్చినా జవాబుకు బరువు పెరుగుతుంది.

ఒకే దారి ఎంచుకున్నట్టు కనిపించే రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. మొదటిది: ‘ప్రజల భద్రతే నాకు ముఖ్యం, ఎలాంటి ఒత్తిడికీ లొంగను, కాంట్రాక్టరును బ్లాక్‌లిస్టులో పెడతాను.’ ఉద్దేశం మంచిదే. కానీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఒక్కడే అంత నిర్ణయం తీసుకోగలడా? కాంట్రాక్టరు వాదన విన్నదెవరు? రెండోది: ‘ఆ భాగంలో పని ఆపి, వారంలో బయటి సంస్థతో పరీక్ష చేయిస్తాను. లోపం తేలితే ఒప్పందం ప్రకారం కాంట్రాక్టరు ఖర్చుతో సరిచేయిస్తాను. కొత్త గడువును ప్రజలకు ప్రకటించి, ట్రాఫిక్ మళ్లింపు కొనసాగించమని పోలీసులను కోరతాను.’ ఇందులో ఆవేశం లేదు, కానీ ప్రతి పనీ ఆ అధికారి చేతిలో ఉన్నదే. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లకూ ఇందులో చోటు దొరికింది. రెండో జవాబుకే ఎక్కువ మార్కులు రావాలి.

దిద్దేటప్పుడు ఇంకో ప్రశ్న వేసుకోవచ్చు: పరీక్షలో కాంక్రీటు గట్టిదేనని తేలితే? చాలా జవాబుల్లో ఈ సందర్భమే ఉండదు. ఉన్న జవాబులో ఇంజినీరు ఫలితాన్ని ఫైలులో పెడతాడు, ఆ భాగంలో పని మళ్లీ మొదలుపెట్టిస్తాడు, ఆపిన బిల్లు విడుదల చేయిస్తాడు. జూనియర్ల నివేదికల సంగతిని మాత్రం విడిగా తేలుస్తాడు. ఎందుకంటే బలం సరిపోయినా డిజైన్ నుంచి పక్కకు తప్పిన మాట నిజం, అయినా వాళ్లు అంతా సవ్యంగా ఉందనే రాశారు.