ఎంతమంది పిల్లలన్నది రెండో ప్రశ్న

బడి వ్యాను బోల్తా పడిన మర్నాడు పేపర్లో ముందు కనబడే ప్రశ్న ఒకటే: బండిలో ఎంతమందిని కుక్కారు? 12 సీట్ల వ్యానులో 18 మంది ఉన్నారంటే తప్పెవరిదో అక్కడికక్కడే తేలిపోతుంది. ప్రాణాల సంగతికొస్తే ఆ ప్రశ్న సరైనదే. తలుపు దగ్గర నిలబడ్డ పిల్లవాడికే మొదటి దెబ్బ. కానీ పరిహారం ఎవరి జేబులోంచి వస్తుంది, బండి ఓనరు ఒడ్డున పడతాడా మునుగుతాడా అన్న లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటిది పెద్దగా ఎవరూ అడగరు: ఆ పొద్దు ఆ బండి చేస్తున్న పని, దాని పర్మిట్‌లో రాసి ఉన్న పనేనా? నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లె రోడ్ల మీద తిరిగే బడి వ్యాన్ల, కంపెనీ స్టాఫ్ బస్సుల బీమాకు అసలు చిల్లు అక్కడుందని నా వాదన.

ముందు ఆ 18 మంది లెక్కే చూద్దాం. హిమాచల్ ప్రదేశ్‌లో 42 మందికి అనుమతి ఉన్న బస్సు 90 మందితో ప్రమాదానికి గురైన కేసులో (అంజనా శ్యాం కేసు, 2007) సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. బీమా కంపెనీ ఎంతమందికి ప్రీమియం తీసుకుందో అంతమందికే బాధ్యత. అలాగని ఏ 42 మందికి ఇవ్వాలో ఏరడం కుదరదు గనక, వచ్చిన తీర్పుల్లో అన్నిటికంటే పెద్దవి 42 తీసి, ఆ మొత్తం డిపాజిట్ చేస్తే, దాన్ని అందరికీ వాళ్ల వాళ్ల తీర్పుల దామాషాలో పంచాలి. దీన్ని మన వ్యానుకు పెట్టి చూడండి. ఊరికే ఊహించుకుందాం: ఇద్దరు పిల్లలు పోయారు, తలా 8 లక్షలు. నలుగురికి గట్టి దెబ్బలు, తలా 3 లక్షలు. మిగతా 12 మందికి చిన్న గాయాలు, తలా 50 వేలు. మొత్తం 34 లక్షలు. పెద్ద తీర్పులు 12 తీస్తే 31 లక్షలు. అంటే ప్రతి కుటుంబానికీ రావాల్సిన రూపాయిలో 91 పైసలు కంపెనీ నుంచి వస్తాయి, మిగిలిన 3 లక్షలు ఓనరు మీద పడతాయి. చిన్న మొత్తమేమీ కాదు, అప్పో సప్పో చేసి కట్టేదే. ఆరుగురిని ఎక్కువ ఎక్కించినందుకు బీమా లెక్కలో అతను చెల్లించే మూల్యం ఇంతే. ఇది చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది గానీ లెక్క అలాగే ఉంది.

ఇప్పుడు అదే వ్యాను, అదే ప్రమాదం. పిల్లలు పన్నెండు మందే అనుకోండి, ఒక్కరు కూడా ఎక్కువ లేరు. పర్మిట్ మాత్రం లేదు. ఇక్కడ చట్టం చూపే మారిపోతుంది. బీమా కంపెనీ కోర్టులో ఏయే కారణాలు చెప్పి తప్పుకోవచ్చో మోటారు వాహనాల చట్టమే లెక్కపెట్టి రాసింది. పాత 149వ సెక్షను, 2019 సవరణ తర్వాత 150. అందులో రెండు మనకు కావాలి. ఒకటి, కిరాయికి తిప్పే పర్మిట్ లేని బండిని కిరాయికి తిప్పడం. రెండోది, పర్మిట్ ఉన్నా అది ఒప్పుకోని పనికి వాడడం. మన ఉమ్మడి రాష్ట్రం నుంచే వెళ్లిన చల్లా భారతమ్మ కేసులో, పర్మిట్ లేని ఆటో సంగతిలో 2004లో సుప్రీంకోర్టు కంపెనీకి బాధ్యత లేదని తేల్చింది. అయితే బాధితులు రోడ్డున పడకూడదని, ముందు కంపెనీ కట్టాలి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి అంది. 2018లో అమృత్ పాల్ సింగ్ కేసు ఇదే దారిని గట్టిపరిచింది. పర్మిట్ లేకపోవడం చిన్న లోపం కాదు, మూలానికే తగిలే ఉల్లంఘన అని చెప్పింది. అంటే ఆ పన్నెండు మందికి రావాల్సిన 31 లక్షలకు 31 లక్షలూ, పైన వడ్డీ, చివరికి ఓనరు నెత్తినే.

‘కట్టి వసూలు చేసుకోవడం’ అన్న మాట వినడానికి మెత్తగా ఉంటుంది. ఆచరణలో కంపెనీ మళ్లీ కొత్త దావా వేయనక్కర్లేదు. అదే ట్రిబ్యునల్ ముందు ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేస్తే చాలు. ఓనరు ఆస్తిని, బండిని జప్తు చేయమని అడగొచ్చు. చట్టంలోని 174వ సెక్షను ప్రకారం ట్రిబ్యునల్ సర్టిఫికెట్ ఇస్తే కలెక్టరు దాన్ని భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయిస్తాడు. దేవరకొండ వైపు ఒక వ్యాను, రెండెకరాల చెల్క ఉన్న మనిషికి ఆ మాట అర్థం ఏమిటంటే, ప్రమాదం జరిగిన కొన్నేళ్లకు పట్టాదారు పాస్‌బుక్ మీదికి నోటీసు రావడం. ప్రీమియం మాత్రం ఏటా సకాలంలో కట్టినవాడే అతను.

బాధితులకైతే డబ్బు అందుతుంది కదా, ఓనరు కష్టం ఓనరుది అనొచ్చు. తెల్ల నంబర్ ప్లేటు బండి విషయంలో అదీ ఖాయం కాదు. సొంత కారుగా రిజిస్టరైన వ్యానుకు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే తీసుకుంటే, లోపల కూర్చున్నవాళ్లు అందులో రారు. ప్యాకేజీ పాలసీ అయితేనే వస్తారని 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తేడా చూపించింది. చట్టం తప్పనిసరి చేసిన ప్రయాణికుల రక్షణ ట్రాన్స్‌పోర్టు బండ్లకే. కాబట్టి బడి పిల్లల్ని మోసే తెల్ల ప్లేటు వ్యానులో కంపెనీ ముందుగా కట్టాల్సిన పనే లేదని వాదించడానికి దారి ఉంటుంది. ఆ కుటుంబాలకు అప్పుడు మిగిలేది ఆ రెండెకరాలే.

మరి ఎందుకలా తిప్పుతారు? ఇక్కడ ఓనర్ల వాదన వినదగిందే. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ లోపు సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. అదే ఇంజను, డ్రైవరు కాక ఆరుగురు కూర్చునే ఏడు సీట్ల వ్యాను, కిరాయి బండిగా అయితే 7,940, ఆపైన మనిషికి 978. వెరసి 13,808. జీఎస్టీ, ట్యాక్సు, పర్మిట్ ఫీజు, ఫిట్‌నెస్ ఖర్చు వేరు. ఆరుగురు పిల్లల మీదే ఈ తేడా పంచితే పది నెలల బడికి నెలకు తలా 173 రూపాయలు అదనం. కూలి చేసుకునే తల్లిదండ్రులకు అది కనబడే మొత్తమే. ఒప్పుకుంటాను. అయితే ఈ లెక్క చెబుతున్నది, ఏడు సీట్ల వ్యాను బడి పనికి గిట్టుబాటయ్యే బండి కాదని. సీట్లు పెరిగితే బేస్ ప్రీమియం ఎక్కువ తలల మీద పంచబడుతుంది. తెల్ల ప్లేటుతో చవగ్గా తిప్పడం ఖర్చు తగ్గించడం కాదు, ఆ ఖర్చును ప్రమాదం జరిగే రోజుకు వాయిదా వేయడం.

తెల్ల ప్లేటు సంగతి కనీసం కంటికి కనబడుతుంది. పసుపు రంగు బస్సులో చిల్లు కనబడదు. చట్టం దృష్టిలో విద్యాసంస్థ బస్సు అంటే ఆ బడో కాలేజో సొంతంగా కొన్నది, విద్యార్థుల్ని, సిబ్బందిని సంస్థ పనుల మీద చేరవేయడానికి మాత్రమే వాడేది. ‘సొంతం’, ‘మాత్రమే’: ఈ రెండు మాటల మీదే అంతా నిలబడింది. ఆ రెండూ నిజమైతేనే థర్డ్ పార్టీ ప్రీమియంలో 15 శాతం తగ్గింపు. 40 మంది ప్రయాణికుల బస్సుకు మామూలుగా 49,423 రూపాయలైతే, విద్యాసంస్థ బస్సుకు 41,992. ఇప్పుడు ఒక ప్రైవేటు ఆపరేటర్ బస్సుకు పసుపు రంగు వేసి బడికి అద్దెకిచ్చాడనుకోండి. బస్సు బడిది కాదు, కాబట్టి మొదటి మాట పోయింది. లేదా బడి సొంత బస్సే, కానీ పొద్దున పిల్లల్ని దించాక జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఏదో ఫ్యాక్టరీ జనరల్ షిఫ్టుకు కార్మికుల్ని మోస్తోంది. రెండో మాట పోయింది. ఎన్నికల సభకో, పెళ్లికో వెళ్లినా ఇదే సంగతి. సీట్లు సరిపోయాయి, డ్రైవరుకు లైసెన్సు ఉంది, పాలసీ అమల్లో ఉంది. అయినా ‘పర్మిట్ ఒప్పుకోని పని’ అన్న పేరా కంపెనీ లాయరు చేతిలో సిద్ధంగా ఉంటుంది. సభకు పోయే రోజుకు రవాణా శాఖ దగ్గర తాత్కాలిక పర్మిట్ తీసుకునే దారి ఉంది. తీసుకోరు, ఎందుకంటే ఒక్క పూటకే కదా అనుకుంటారు.

స్టాఫ్ బస్సుకూ ఇలాంటి మెలికే. ఫ్యాక్టరీ సొంత బస్సు అయితే కిరాయి తీసుకోకుండా తన మనుషుల్ని చేరవేసే ప్రైవేట్ సర్వీస్ వెహికల్ పర్మిట్. కాంట్రాక్టరు బస్సు అయితే కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్, అంటే ఒక ఒప్పందం కింద బండి మొత్తం ఒకరికి కట్టుబడి ఉండటం. తిరుగు ప్రయాణంలో ఖాళీ సీట్లు ఉన్నాయని మహబూబ్‌నగర్ దాకా దారిలో చెయ్యెత్తిన వాళ్లనల్లా ఎక్కించుకుని చార్జీ తీసుకుంటే అది స్టేజ్ క్యారేజ్ అయిపోతుంది. డ్రైవరు జేబులో పడే వంద రూపాయలు బండిని ఓనరు పర్మిట్‌ను దాటి తీసుకెళ్లిపోతాయి. ఓనరుకు ఆ సంగతి తెలియనే తెలియకపోవచ్చు.

ఇక ఫిట్‌నెస్. మన దగ్గర విద్యాసంస్థల బస్సుల ఎఫ్‌సీ గడువు మే 15తో ముగుస్తుంది, బడులు జూన్ 12న తెరుస్తారు. మధ్యలో ఉన్న నాలుగు వారాల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబెట్టాలి. చివరి వారం దాకా ఆగితే స్లాట్ దొరకదు, బడి మొదలైపోతుంది, బండి తిరగడం మొదలుపెడుతుంది. ఫిట్‌నెస్ లేని ట్రాన్స్‌పోర్టు బండి సరిగ్గా రిజిస్టరైనట్టే కాదని 56వ సెక్షను చెబుతుంది. తమాషా ఏమిటంటే పాలసీ గడువు వేరు, ఎఫ్‌సీ గడువు వేరు. ఒకదాని తేదీ రెండోదానికి తెలియదు. ఆన్‌లైన్‌లో పాలసీ రెన్యువల్ అయినంత మాత్రాన ఎఫ్‌సీ ఉన్నట్టు కాదు. క్లెయిం వచ్చాకే కంపెనీ పంపిన మనిషి రవాణా శాఖ రికార్డు తీసి ప్రమాదం తేదీ పక్కన ఎఫ్‌సీ తేదీ పెట్టి చూస్తాడు.

‘నా బ్రేకులు బాగానే ఉన్నాయి, లారీ వెనకనుంచి గుద్దింది, ఎఫ్‌సీ లేకపోతే ఏమైంది’ అని ఓనరు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. సెక్షను 150లో లెక్కపెట్టిన కారణాల్లో ఫిట్‌నెస్ పేరు పెట్టి లేదు. అందుకే కోర్టుల మాట ఒక్కటిగా లేదు. కేరళ హైకోర్టు ఫుల్ బెంచ్ 2018లో ఫిట్‌నెస్ లేకపోవడాన్ని పర్మిట్ లేకపోవడంతో సమానంగా చూసి, కట్టి వసూలు చేసుకోమంది. వేరేగా చూసిన తీర్పులూ ఉన్నాయి. సొంత బండి నష్టం క్లెయింలో మాత్రం, నిబంధన మీరినా ‘నాన్ స్టాండర్డ్’ కింద 75 శాతం వరకు ఇచ్చే పద్ధతిని సుప్రీంకోర్టు 2010లో అమలేందు సాహూ కేసులో ఒప్పుకుంది. కాబట్టి ఓనరు వాదన గెలవొచ్చు కూడా. కానీ గెలిచేదాకా పిల్లల కుటుంబాలు ఎదురుచూడాలి, అతనూ ఎదురుచూడాలి.

2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండికి మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు చాలని తేల్చాక, వ్యాన్ల కేసుల్లో కంపెనీలు ఎన్నో ఏళ్లుగా వాడిన లైసెన్స్ వాదన పదును తగ్గింది. ఇక వాళ్ల దృష్టి మరింతగా పర్మిట్ మీదికీ, ఎఫ్‌సీ మీదికీ మళ్లుతుందని నా అంచనా. వ్యాను మాట్లాడుకునే బడి యాజమాన్యం పాలసీ నకలు అడిగి ఫైల్లో పెట్టుకోవడం మామూలే. ఆ పాలసీ మొదటి పేజీలో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అన్న చోట ఏం రాసి ఉందో చదివి, దాన్ని పర్మిట్ నకలుతో పక్కపక్కన పెట్టి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. జూన్ 12కు ముందు ఆ ఐదు నిమిషాలు ఏ బడి ఆఫీసులో ఎవరి పనో మాత్రం ఇంకా ఎవరూ రాసి పెట్టుకోలేదు.